ఇంకా రెండువందల నలభై మాత్రమే

రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మె చేస్తున్న ఆ ఏడాది, దసరా వెళ్లిన మూడో రోజున జనగామ స్టేషన్ వెనక వీధిలో ఒక మాట పుట్టింది. మణెమ్మ ఇంట్లో కిరాయికి ఉంటున్న సంగీత, రేగొండ పోశాలుకు రావలసిన కమీషన్ పైసలు మింగేసిందని. వీధి మొదట్లో అది నాలుగు వందలు. పాలకేంద్రం దగ్గరికి చేరేసరికి నాలుగు వేలైంది. చౌరస్తాలో దీక్షా శిబిరం దాకా పోయేసరికి నలభై వేలు, పైన ఒక స్కూటీ కూడా కలిసింది.

సంగీత మింగలేదు. ఆ పైసలు ఆమె చేతికి ఏనాడూ రాలేదు, వచ్చే దారి కూడా లేదు. అసలు జరిగింది వేరు. అందులో మణెమ్మ చెయ్యి కూడా ఉంది గనుక, ఆ సంగతి మణెమ్మ కంటే బాగా తెలిసినవాళ్లు ఆ వీధిలో లేరు.

సంగీతది గంగారం వైపు అడవిలో ఒక తండా. తల్లి నీలి, తండ్రి తుల్సీరాం. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు. డిగ్రీ మహబూబాబాద్‌లో చదివి, నౌకరీ కోసం జనగామకు వచ్చింది. హైదరాబాద్‌లో మూటబండి అని ఒక వెబ్‌సైటు కంపెనీ. మిక్సీలు, ఫోన్లు, పుస్తకాలు, చెప్పులు, అన్నీ కంప్యూటర్‌లో చూపించి ఇంటికి పంపిస్తారు. అందులో సంగీతకు ఆరువేల జీతం. ముందు గదిలో టేబుల్ మీద కంప్యూటర్ పెట్టుకుని, చెవికి ఫోను తగిలించుకుని, పొద్దంతా ఎవరెవరికో జవాబులు చెప్పేది.

ఎదురుగా గడప మీద కూచుని చిక్కుడుకాయ ఈనెలు తీసే మనిషికి ఎవరితో ఏం మాట్లాడుతుందో తెలియకపోతే నిద్ర పడుతుందా? మణెమ్మకు పట్టలేదు.

"ఎవలే వాడు, గంటసేపు తింటున్నడు నీ చెవి?" అని మొదటి వారమే అడిగింది.

"పార్ట్‌నరవ్వా. మా కంపెనీకి గిరాకీ తెచ్చిపెట్టేటోడు."

"అంటే?"

"ఊళ్లల్ల ఇంటర్నెట్ సెంటర్లు నడిపేటోళ్లు ఉంటరు గద. వాళ్లకు మేం ఒక లింకిస్తం. ఆ లింకు నొక్కి ఎవరన్న మా దగ్గర సామాను కొంటే, నూటికి అయిదు రూపాయలు వాళ్లకు."

"మన మార్కెట్ల దళారి లెక్కనా?"

"గట్లనే. సంచి మాత్రం మొయ్యడు."

ఆ ముక్క మణెమ్మకు మస్తు నచ్చింది. సాయంత్రానికి వీధిలో నలుగురికి చెప్పింది. రాత్రి రేగొండలో ఉన్న తన తమ్ముడు పోశాలుకు ఫోన్ చేసి కూడా చెప్పింది. పోశాలుది జిరాక్సు, ఇంటర్నెట్ సెంటర్. భూపాలపల్లి బొగ్గుబావుల్లో పనిచేసే కుర్రాళ్లు సెలవురోజు ఊళ్లకు వచ్చి అతని దగ్గరే కూచునేవారు. అట్లా పోశాలు కూడా ఆ ఎండాకాలం మూటబండికి పార్ట్‌నర్ అయ్యాడు.

ఆగస్టులో సంగీతకు ఫోన్లు ఎక్కువయ్యాయి. అన్నీ తిట్లే. నెలనెలా అయిదో తారీఖున కంపెనీ ఒక్కో పార్ట్‌నర్‌కు మెయిలు పంపేది. అందులో రెండే ముక్కలుండేవి: "చెల్లింపు స్థితి: అర్హత లేదు. కారణం: కనీస పరిమితి చేరలేదు." ఇది చదివిన ప్రతివాడూ తనను పనిలోంచి తీసేశారనే అనుకున్నాడు. మహబూబాబాద్ నుంచి ఎల్లస్వామి అనే అతను అయితే, "నాకెందుకు అర్హత లేదు? నా కులం చూసి అంటున్నరా, నా యాస చూసి అంటున్నరా?" అని నిలదీశాడు.

సంగీత ఆ రోజు అన్నం తినలేదు.

"అర్హత లేదంటే?" అని మణెమ్మ అడిగింది.

"వెయ్యి రూపాయలు జమ కాలేదని అవ్వా. వెయ్యి కాంగనే బ్యాంకుల ఏస్తరు. ముప్పయి, నలభై రూపాయలు నెలనెలా ఏస్తే ఆ ఏసుడు ఖర్చే ఎక్కువైతది. అందుకే కూడబెట్టి ఇస్తరు. కానీ గా మాట ఎవరికి సమజైతది గందులకెళ్లి?"

"మరి సమజయ్యేటట్టు రాయరాదు?"

"మా సారు గదే అన్నడు. నన్నే మంచిగ తిరగరాయమన్నడు."

సంగీత రెండు రోజులు కూచుంది. రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. చివరకు ఒకటి తయారుచేసి, మణెమ్మను పిలిచి చదవమంది. ఆ ఇంట్లో నాలుగో తరగతి దాకా చదివిన మనిషికి అర్థమైతే లోకమంతటికీ అర్థమవుతుందని ఆమె లెక్క. మణెమ్మ కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి చదివింది.

"అభినందనలు! మీ సంపాదన ఏడువందల అరవై రూపాయలకు చేరింది. ఇంకా రెండువందల నలభై మాత్రమే! వెయ్యి పూర్తికాగానే మీ డబ్బు మీ బ్యాంకుకు వస్తుంది."

ఆ అంకెలు పోశాలువే. సంగీత ఉదాహరణకని అతని లెక్క తీసి పెట్టింది.

"అబ్బ! సల్లగున్నదే బిడ్డ. సదువుతుంటే లేసి ఉరకబుద్ధైతున్నది," అంది మణెమ్మ.

సంగీత మొహం వెలిగింది. సెప్టెంబరు అయిదున ఆ మెయిలు నూట పన్నెండుమందికి పోయింది. తిట్లు ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి ఆమె పైఅధికారి గోవర్ధన్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మణెమ్మ ఆ రోజు సేమియా వండింది.

మర్నాడు పోశాలు అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, నాకు ఏడువందల అరవై అయినయట. ఇంకా రెండువందల నలభైయే తక్కువున్నది."

"గంతేనాయె! నువ్వే ఏదన్న ఒకటి కొనుక్కో. నీ లింకు మీదికెళ్లే. పూడుతది."

మణెమ్మ ఆ మాట ఊరికే అనలేదు. పదహారేళ్లుగా ఆమె వీధి పొదుపు సంఘానికి లీడరు. నెల పొదుపులో ఎవరికైనా ఇరవై తక్కువైతే, ఎవరో ఒకరు కొంగుముడి విప్పి పూడుస్తారు. పాస్‌బుక్కులో గడి నిండాలి, అంతే. గడి నిండితే బ్యాంకు మేనేజరు లేచి కుర్చీ వేస్తాడు. తక్కువైన చోట సొంతది వేసి నింపడం ఆమెకు శ్వాస తీసుకున్నంత సహజం. పోశాలుకూ అంతే. అక్కను చూసి పెరిగినవాడు.

తరువాత సమ్మె వచ్చింది. పదమూడో తారీఖు నుంచి ఆఫీసులు మూతబడ్డాయి, వారం తిరక్కముందే బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. బొగ్గుబావులు ఆగాయి, బొగ్గు లేక కరెంటు పోయింది. పగలు కరెంటు వచ్చినన్ని గంటలే. మణెమ్మ రోజూ పొద్దున వంటచేసి, చౌరస్తాలో శిబిరానికి పోయి, బతుకమ్మ ఆడి, నినాదాలిచ్చి, అక్కడి వార్తలు మోసుకుని వచ్చేది. పోశాలు సంగతి ఆమె మనసులోంచే పోయింది.

దసరా తరువాత మూడో రోజు పొద్దున గడప ముందు ఒక లారీ ఆగింది. మక్కల బస్తాల మధ్యలోంచి పోశాలు దిగాడు. రేగొండ నుంచి పరకాల దాకా ఆటో, అక్కడి నుంచి హన్మకొండకు ఎవరిదో మోటారుసైకిలు, ఆపైన ఈ లారీ. చంకలో ఒక పెద్ద అట్టపెట్టె. దాని మీద మిక్సీ బొమ్మ.

"ఏందిరా గిది? నాకా?" అంది మణెమ్మ సంబరంగా.

పోశాలు నవ్వలేదు. పెట్టెను అరుగు మీద పెట్టి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి అక్క చేతిలో పెట్టాడు. "సదువు."

అక్టోబరు అయిదు మెయిలు. మణెమ్మ వేలు పెట్టి చదివింది. "అభినందనలు! మీ సంపాదన ఆరువందల పది రూపాయలు. ఇంకా మూడువందల తొంభై మాత్రమే!"

మణెమ్మ మళ్లీ మొదటినుంచి చదివింది. వేలు ఆ అంకె మీదే ఆగిపోయింది. "ఇదేందిరా? ఏడువందల అరవై ఉండె గద? నువ్వు కొంటివి గద?"

"కొన్న. నూటికి అయిదంటే, రెండువందల నలభై రావాలంటే నాలుగువేల ఎనిమిదివందలది కొనాలె. లెక్కజేసి కొన్న. గీ మిక్సీ ఇరవై తొమ్మిదివందలు, ఫోను పందొమ్మిదివందలు. వెయ్యి నిండుతదనుకున్న. నిండకపోంగ ఉన్నది పోయింది."

"నాలుగువేల ఎనిమిదివందలా!" మణెమ్మ పెట్టెను తన వైపు తిప్పి చూసింది. "రెండువందల నలభైకి?"

"నువ్వే గదనే అక్కా, పూడుతది అంటివి."

"ఏడికెళ్లి తెచ్చినవురా అన్ని పైసలు?"

"షాపు కిరాయి. గట్టయ్యకు రెండు నెలలది ఇయ్యాలె. నెలకు ఇరవై నాలుగువందలు. తీసిపెట్టిన. వెయ్యి రాంగనే కలిపి ఇద్దామనుకున్న. బావులు బందాయె, కరెంటు లేదు, సెంటర్‌ల ఈగలు గూడ లేవు. గట్టయ్య ఈ నెల పదిహేనుకు కిరాయన్న ఇయ్యి, షెట్టరన్న ఇయ్యి అన్నడు."

మణెమ్మ అలవాటుగా కొంగుముడి విప్పి చూసింది; అందులో పూడ్చేంత లేదు.

పక్కింటి భాగ్య గోడ మీదుగా తల పెట్టి వింది. ఆమె విన్నది సగం, చెప్పింది రెట్టింపు. సంగీత మింగిందన్న మాట ఆ గోడ మీదనుంచే బయలుదేరింది.

సంగీత లోపలినుంచి వచ్చింది. కాగితం చూసింది. పోశాలు మొహం చూసింది. మిక్సీ పెట్టె చూసింది. "అన్నా, ఇది నీ సొంత లింకు మీద కొన్నవా?"

"మరి ఎవరి లింకు మీద కొనాలె?"

సంగీత మెల్లగా టేబుల్ దగ్గరికి పోయి కూచుంది. కరెంటు ఇంకా గంటసేపు ఉంటుంది. పోశాలు ఖాతా తెరిచింది. మణెమ్మ వెనక నిలబడి ఆమె భుజం మీదుగా తొంగిచూసింది.

"ఇంగో, చూడన్నా. నీకు అప్పట్ల చూపించిన ఏడువందల అరవైల పక్కా అయినయి నాలుగువందల పదే. తక్కిన మూడువందల యాభై ఇంక కాలే."

"కాలేదంటే?"

"సామాను గిరాకీకి ముట్టాలె. ముట్టినాంక ముప్పై రోజులు అయ్యాలె. నచ్చకపోతే వాపస్ ఇచ్చేటందుకు వాళ్లకు గంత టైముంటది. గది దాటితేనే మీ కమీషన్ పక్కా అయితది. బంద్‌లకు లారీలు నిలబడె. నూటయాభైకి సంబంధించినోళ్లు విసిగి ఆర్డరే వద్దన్నరు. గది పోయింది. తక్కిన రెండువందలది ఇంక వరంగల్ గోదాంలనే ఉన్నది."

"మరి నా నాలుగువేల ఎనిమిదివందలది?"

"సొంత లింకు మీద సొంతంగ కొంటే కమీషన్ రాదన్నా. నెల ఆఖరుకు చూస్తరు. కొన్నోళ్ల పేరు, పార్ట్‌నర్ పేరు, ఇంటి నంబరు ఒక్కటే ఉంటే కొట్టేస్తరు. గట్ల ఇస్తే అందరు తమకు తామే కొనుక్కొని కమీషన్ తీసుకుంటరు గద. చేరినప్పుడు ఒప్పుకున్న కాగితంల రాసి ఉన్నది."

"ఆ కాగితం పన్నెండు పేజీలు! ఇంగ్లీషుల!"

"అవునన్నా."

"మరి గా మెయిల్ల ఎందుకు రాయలే?"

సంగీత వేళ్లు కీబోర్డు మీద ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలాయి. ఇంకో జాబితా తెరిచింది. నూట పన్నెండు పేర్లు. ఒక్కో పేరు ఎదుట కొట్టేసిన ఆర్డర్లు. ఆమె లెక్కపెడుతూ పోయింది. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. ఇరవై దాటాక మణెమ్మ కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ముప్పై ఒకటి," అంది సంగీత.

"ఏంది ముప్పై ఒకటి?"

"ముప్పై ఒక్కమంది అవ్వా. నేను మెయిల్ పంపిన పది రోజుల్ల ముప్పై ఒక్కమంది తమకు తామే కొనుక్కున్నరు. అంతకుముందు నెల ఇద్దరే." ఆమె ఒక పేరు మీద వేలు పెట్టింది. "మహబూబాబాద్ ఎల్లస్వామి ఎనిమిదివేలది కొన్నడు."

శిబిరం వైపు నుంచి డప్పు చప్పుడు వినిపిస్తోంది. పోశాలు గోడకు ఆనుకుని అట్లాగే జారి కింద కూచున్నాడు. తానొక్కడే మూర్ఖుణ్నని అనుకుంటూ ఇన్ని మైళ్లు వచ్చాడు మరి.

ముందు తేరుకుంది సంగీతే. "అన్నా, మిక్సీ విప్పినవా?"

"లే. సీలు గూడ తియ్యలే."

"ఎప్పుడు ముట్టింది?"

"పన్నెండుకు. సమ్మె ముందటి రోజు."

"ఇయ్యాల తొమ్మిది. ఇంక మూడు దినాలున్నయి." ఆమె వేళ్లు పరుగెత్తాయి. "వాపస్ అడుగుతున్న. టైముల అడిగినట్టు రాసి ఉంటే చాలు. బండి ఎప్పుడు నడిస్తే అప్పుడొచ్చి తీస్కపోతరు. ఇరవై తొమ్మిదివందలు నీ బ్యాంకుల పడ్తయి. ఫోను?"

"ఫోను వాడుతున్న," అన్నాడు పోశాలు తలవంచుకుని. "రోజు దానికెళ్లే మాట్లాడుతున్న."

"అయితే గది పోయినట్టే."

వాపస్ నంబరు స్క్రీన్ మీద వచ్చింది. సంగీత దాన్ని కాగితం మీద రాసి ఇచ్చింది. పోశాలు అప్పటికప్పుడు గట్టయ్యకు ఫోన్ చేసి చదివి వినిపించాడు. గట్టయ్య కొడుకు బొగ్గుబావిలోనే పనిచేస్తాడు, అతనికీ నెల జీతం లేదు. చాలాసేపు గొణిగి, చివరకు, సమ్మె ఆగి ఆ పైసలు పడేదాకా షెట్టరు జోలికి రానన్నాడు. తక్కిన పందొమ్మిదివందలకు మాత్రం గడువివ్వలేదు. ఆ ఫోనునే ఎవరికైనా అమ్ముకొమ్మన్నాడు.

ఇక ఆ మధ్యాహ్నం సంగీత మెయిలు మళ్లీ రాసింది. ఈసారి మణెమ్మ మెచ్చుకోవడానికి తయారుగా లేదు. ప్రతి లైనుకూ అడ్డం తగిలింది.

"అభినందనలు తియ్యి. పైసలియ్యక అభినందనలేంది?"

తీసేసింది.

"సంపాదన అని ఒక్కటే అంకె ఎయ్యకు. పక్కా అయింది ఎంత, కానిది ఎంత?"

రెండుగా విడగొట్టింది.

"గా వెయ్యి ఎందుకో రాసినవా? రాయి. ఎప్పటికి రాకపోతే మురిగిపోతదా?"

"మురగదు అవ్వా, వచ్చే నెలకు కలుస్తది."

"మరి గది రాయి. నాకు తెల్వదు గద."

కరెంటు పోయింది. కాగితం మీద రాసుకున్నారు. చివరకు తేలింది ఇది:

"ఈ నెల మీకు డబ్బు పంపలేదు. మీ తప్పు ఏమీ లేదు. మీ కమీషన్‌లో ఖాయమైనది నాలుగువందల పది రూపాయలు. ఖాయం కావలసినది రెండువందలు. సామాను కొన్నవారికి చేరి ముప్పై రోజులు గడిచాకే కమీషన్ ఖాయమవుతుంది. ఆలోగా వాళ్లు వద్దంటే రాదు. బంద్‌ల వల్ల ఇప్పుడు సామాను ఆలస్యంగా చేరుతోంది. చిన్న మొత్తాలు విడివిడిగా పంపితే ఖర్చు ఎక్కువ కనుక, ఖాయమైనది వెయ్యికి చేరాక పంపుతాము. నెలాఖరుకు వెయ్యి ఉంటే, తరువాతి నెల పదిహేనులోగా మీ బ్యాంకులో పడుతుంది. లేకపోతే పోదు, తరువాతి నెలకు కలుస్తుంది. మీ లింకు మీద మీరు గాని, మీ ఇంటివాళ్లు గాని కొంటే కమీషన్ రాదు. వెయ్యి నింపడానికి దయచేసి ఏమీ కొనకండి."

మణెమ్మ వేలు పెట్టి చదివింది. ఉరకబుద్ధి కాలేదు. కూచోబుద్ధైంది. "గిది మంచిగున్నది," అంది.

సాయంత్రం గోవర్ధన్‌కు చదివి వినిపించింది సంగీత. అవతలి గొంతు గదంతా వినిపించింది.

"చూడు సంగీతా, పోయిన నెల మెయిల్‌తో ఆర్డర్లు పెరిగాయి. ఎందుకు మార్చాలి? 'ఏమీ కొనకండి' అని ఎవరైనా రాస్తారా, అమ్మే కంపెనీ?"

"పెరిగిన ఆర్డర్లు అవే సార్. ముప్పై ఒక్కమంది. సీలు విప్పనియన్ని వాపస్ వస్తయి. రానుపోను బండి ఖర్చు మనదే. లిస్టు పంపిన, చూడండి."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"కంపెనీ పేరు మీద నేను పంపను," అన్నాడు గోవర్ధన్. "నీ పేరు, నీ ఫోన్ నంబర్ కింద పెట్టి పంపుకో. తిట్లు నీకే వస్తాయి, నౌకరీకి ఏమైనా అయితే నన్ను అడగొద్దు."

"పెట్టుకుంట సార్."

కరెంటు వచ్చాక మెయిలు నూట పన్నెండుమందికీ పోయింది, ఎవరి అంకెలు వాళ్లకు. ముప్పై ఒక్కమందికి మాత్రం ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. సీలు విప్పారా, ఏ రోజు ముట్టింది అని అడిగి, టైము ఉన్నవాళ్లందరివీ వాపస్ రాయించింది. ఎల్లస్వామి తిడుతుంటే అడ్డు చెప్పకుండా విని, ఆయన అలసిపోయాక, "అయిపోయిందా అన్నా, ఇగ పెట్టె మీది నంబరు చదువు," అంది.

మణెమ్మ భాగ్య గోడ దగ్గరికి పోయి, వీధి చివరిదాకా వినిపించేట్టు అసలు సంగతి చెప్పింది. తాను పోశాలుకు ఇచ్చిన సలహాతో సహా చెప్పింది. అదొక్కటే గొంతు తగ్గించి చెప్పింది. కంపెనీవాడు పిల్ల చేత ఆ మాట రాయించి జనం చేత కొనిపించాడని కూడా కలిపింది. వీధికి ఆ భాగం బాగా నచ్చింది.

కాని చెప్పి వచ్చాక ఆమెకు అన్నం సహించలేదు. గోవర్ధన్ అన్న మాటల్లో ఒకటి చెవిలో గుచ్చుకుంటోంది. ఎందుకు మార్చాలి అన్నాడే గాని, నేను రాయమన్నాను కదా అనలేదు. తెలియకుండా ఉండగలిగే మనిషి కాదు మణెమ్మ. పోశాలు అరుగు మీద పడుకున్నాక, ఫోన్లు ముగించి గిన్నెలో అన్నం పెట్టుకుంటున్న సంగీత ఎదుట కూచుంది.

"బిడ్డా, ఒక్కటడుగుత. నిజం చెప్పు. గా 'ఇంకా రెండువందల నలభై మాత్రమే' అన్నది రాయమని నీకు ఎవరు చెప్పిన్రు? గట్ల రాస్తే జనం కొంటరని నీకు ముందే తెల్సా?"

సంగీత గిన్నె కింద పెట్టింది.

"ఎవ్వరు చెప్పలే అవ్వా. నేనే రాసిన. గట్ల రాస్తే ఉరుకుతరని తెల్సు, అందుకే రాసిన. సారు మెచ్చుకుంటడు, జీతం పెంచుతడనుకున్న. పోశాలన్న లెక్క తీసి ఎదురుంగ పెట్టుకుని రాసిన గని, ఆ రెండువందల నలభై ఎవరి ఇంట్లకెళ్లి రావాలెనో ఒక్కసారి గూడ అనుకోలే."